గుండె ఆపరేషన్ తర్వాత ఆలుమగలు మళ్లీ దగ్గరయ్యేదెలా?

ఈ పూట పెద్దవాళ్లతో, ముఖ్యంగా దంపతులతో ఒక విషయం మాట్లాడాలి. గుండెకు బైపాస్ ఆపరేషన్ అయిన తర్వాత చాలా ఇళ్లలో భార్యాభర్తల మధ్య ఒక దూరం వస్తుంది. గొడవేం ఉండదు. ప్రేమ తగ్గిందీ ఉండదు. అయినా మంచాలు వేరవుతాయి. ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకోవడం కూడా ఆగిపోతుంది. నెలలు గడుస్తాయి. ఎవరూ పైకి అనరు.

ఈ దూరం ఎందుకొస్తుంది? అందులో వైద్యం చెప్పే కారణమెంత, భయం కల్పించిందెంత? మళ్లీ దగ్గరవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇవీ ఈనాటి మాటలు.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు ఒక కాగితం ఇస్తారు. ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి. బరువులు ఎత్తొద్దు. బండి నడపొద్దు. ఉప్పు తగ్గించండి. రోజూ నడవండి. ఇవన్నీ అందులో ఉంటాయి. దాంపత్యం గురించి మాత్రం చాలా కాగితాల్లో ఒక్క ముక్క కూడా ఉండదు. డాక్టరుగారు అడగరు. రోగి సిగ్గుపడతాడు. పక్కనున్న భార్య ఇంకా సిగ్గుపడుతుంది. చివరికి ఇద్దరూ ఒకటే అనుకుంటారు. కాగితంలో రాయలేదంటే చేయకూడదనే కదా అని.

ఒక జంటను ఊహించుకుందాం. మన ఊళ్లలో ఎక్కడైనా కనిపించే జంటే. ఆయనకు 54 ఏళ్లు. బజారులో కిరాణా కొట్టు. ఆమెకు 48. కూతురికి పెళ్లయింది. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఆయనకు బైపాస్ అయింది. ఎనిమిదో రోజున ఇంటికొచ్చారు. గాలి బాగా వస్తుందని హాల్లో దివాన్ మీద పక్క వేశారు. మొదటి పది రోజులూ ఆమె పక్కనే కింద చాప వేసుకుని పడుకుంది. తర్వాత అత్తగారు హాల్లోకి వచ్చారు. ఆమె లోపలి గదిలోకి వెళ్లింది.

ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. గాయం మానింది. ఆయన రోజూ అరగంట నడుస్తున్నారు. సాయంత్రం రెండు గంటలు కొట్లో కూర్చుంటున్నారు. అన్నీ మామూలుకు వచ్చాయి. పక్క మాత్రం ఇంకా హాల్లోనే ఉంది.

ఆమె మనసులో ఏముంది? అత్తగారు ఒక మాటన్నారు. 'ఆరు నెలలు దగ్గరికి పోకమ్మా, వాడి గుండె తట్టుకోలేదు' అని. ఆ మాట లోపల నాటుకుపోయింది. ఆస్పత్రిలో ఆయన్ని గొట్టాల మధ్య చూసిన రోజు కళ్ల ముందు నుంచి పోలేదు. రాత్రి మెలకువ వస్తే ముందు ఆయన ఊపిరి వినిపిస్తోందా అని చెవి రిక్కిస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టిన మనిషి ఎలా చూస్తుందో, ఆయన్ని అలా చూస్తోంది. కళ్లు పక్కకు తిప్పితే పొంగిపోతాయేమో అన్నట్టు. ఆ కాపలాలో ప్రేమ నిండా ఉంది. కానీ కాపలా కాస్తూ ఉన్న మనిషికి ముచ్చటగా దగ్గరికి చేరడం రాదు.

మరి ఆయన మనసులో? స్నానం చేసేటప్పుడు అద్దంలో ఛాతీ మీద నిలువు గీత కనిపిస్తుంది. కాలి మీద ఇంకో గీత. నేను మునుపటి మనిషిని కాదు అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే నా వల్ల కాకపోతే ఎలా అని ఒక భయం. మధ్యలో గుండెకేదైనా అయితే, ఆమె కళ్ల ముందే అయితే ఎలా అని ఇంకో భయం. అందుకని ఆయన గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఆయన గోడవైపు తిరిగితే ఆమె ఏమనుకుంటుంది? ఆయనకు ఇష్టం లేదనుకుంటుంది. ఆమె లోపలి గదికి వెళ్తే ఆయన ఏమనుకుంటారు? ఈ గీతలు చూసి నా మీద మనసు పోయిందనుకుంటారు. ఉన్నది భయం. దాన్ని ఇద్దరూ అయిష్టంగా చదువుకుంటున్నారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. మాటల్లేని చోట భయం అయిష్టంలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ భయాన్ని కొంచెం విడదీసి చూద్దాం. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి ఎముక. రెండోది గుండె.

ముందు ఎముక సంగతి. బైపాస్‌లో ఛాతీ మధ్యనున్న రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. పని అయ్యాక స్టీలు తీగలతో కలిపి కట్టేస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పూర్తిగా గట్టిపడటానికి దాదాపు మూడు నెలలు. అందుకే నాలుగైదు కిలోలకు మించి బరువు ఎత్తొద్దంటారు. రెండు చేతుల మీద ఒళ్లంతా మోపొద్దంటారు. బైపాస్ తర్వాత కలయికకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమనడానికి అసలు కారణం ఇదే. ఆ గడువు చాలావరకు ఎముక కోసం. చాలామంది దాన్ని గుండె కోసమనుకుని ఆరు నెలలకు, ఏడాదికి సాగదీస్తారు.

ఇక గుండె సంగతి. కదలకుండా కూర్చున్నప్పుడు ఒంటికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఏళ్ల తరబడి కలిసున్న భార్యాభర్తల కలయికలో దానికి మూడు నాలుగు రెట్లు ఖర్చవుతుంది. ఆఖరి కొద్ది క్షణాల్లో అయిదు రెట్ల దాకా వెళ్తుంది. మన భాషలో చెప్పాలంటే చురుగ్గా నడవడం. లేదా సుమారు ఇరవై మెట్లు ఆగకుండా చకచకా ఎక్కడం. గుండె నిమిషానికి 130 సార్లకు మించి కొట్టుకోవడం అరుదు. అదీ కొద్దిసేపే.

మరి గుండెపోటు రాదా? ఈ భయానికి సూటిగానే జవాబు చెప్పుకోవాలి. 1996లో అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. కలయిక కారణంగా వచ్చినవని చెప్పదగ్గవి నూటికి ఒకటి కూడా లేవు. ఇంకో సంగతి కూడా అందులో బయటపడింది. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లలో ఆ కాస్త అదనపు ప్రమాదం కూడా దాదాపు కనిపించలేదు. అంటే రోజూ నడిచే నడక ఇక్కడ కూడా కాపాడుతుంది.

ఇంకొక మాట మన ఊళ్లలో గట్టిగా ఉంది. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుంది, గుండె నీరసిస్తుంది అని. దీనికి వైద్యంలో ఆధారం లేదు. పోయే ద్రవం కొద్ది మిల్లీలీటర్లు. దానికీ గుండె బలానికీ సంబంధం లేదు. కలయిక తర్వాత వచ్చే మగత కాసేపటికి తీరిపోయే అలసట, అంతే.

సరే. భయంలో ఎంత నిజముందో తెలిసింది. కానీ తెలిసినంత మాత్రాన భయం పోతుందా? పోదు. ఒంటికి పట్టిన భయం ఒంటితోనే పోవాలి. ఆపరేషన్ తర్వాత మళ్లీ నడక ఎలా వచ్చింది? మొదటి రోజే మైలు నడవమనలేదు కదా. ఆస్పత్రి వరండాలో అయిదు నిమిషాలు నడిపించారు. ఇంటికొచ్చాక పది నిమిషాలు. తర్వాత పావుగంట, అరగంట. ప్రతి అంచెలో ఏమీ కాలేదని ఒళ్లు నమ్మింది. దగ్గరితనం కూడా అలాగే అంచెలంచెలుగా తిరిగి వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. దూరంగా ఉంటే పూర్తిగా దూరం. దగ్గరైతే ఒకే రాత్రిలో అన్నీ జరగాలి. మధ్యలో మెట్లు లేకపోతే మొదటి అడుగుకే భయం వేస్తుంది.

కాబట్టి ఈనాటి ముఖ్యమైన మాట ఇది. ముందు స్పర్శ తిరిగి రానివ్వండి. కలయికను కొన్నాళ్లు ఇద్దరూ ఒప్పుకుని పక్కన పెట్టండి.

మళ్లీ చెబుతాను. ముందు స్పర్శ. కలయిక ప్రస్తుతానికి లేదని ఇద్దరి మధ్య ఒప్పందం. అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ఈ పద్ధతిని లోకానికి వివరంగా చెప్పారు. ఇప్పటికీ దంపతులకు సలహాలిచ్చేవాళ్లు దీన్ని వాడుతున్నారు. ఇందులో కిటుకు ఏమిటంటే, ఈ రాత్రి పరీక్ష లేదని ఇద్దరికీ ముందే తెలుసు. ఆయన నెగ్గాల్సిందీ లేదు, ఓడాల్సిందీ లేదు. ఆమె ఆయన గుండెను కాపలా కాయాల్సిన పనీ లేదు. అప్పుడు చెయ్యి చేతిగా తగులుతుంది.

ఇది మన జంట ఇంట్లో ఎలా జరుగుతుందో చూద్దాం.

మొదట పక్క మారాలి. గాయం ఆరిపోయి, ఆయన రాత్రిపూట తనంతట తను లేవగలిగాక హాల్లో పడుకోవాల్సిన అవసరం లేదు. దీన్ని నిజానికి నెల దాటగానే చేయొచ్చు. అత్తగారికి చెప్పడానికి ఒక మాట చాలు. 'అత్తయ్యా, రాత్రి మాత్రలు, మంచినీళ్లు నేను చూసుకుంటాను, ఆయన లోపల పడుకుంటారు' అంటే సరిపోతుంది. ఒకే గదిలో, ఒకే మంచం మీద పడుకోవడం మొదటి అంచె. దగ్గొస్తే ఛాతీకి అదుముకోవడానికి ఆయన పక్కన ఒక దిండు ఉంచండి. అంతే. ఆ వారం ఇంకేమీ అక్కర్లేదు.

తర్వాత మాట. ఈ మాట మంచం మీద వద్దు. రాత్రి వద్దు. సాయంత్రం నడకలోనో, అత్తగారు గుడికి వెళ్లినప్పుడు వరండాలోనో మాట్లాడుకోండి. నువ్విలా చేస్తున్నావు అని మొదలుపెడితే అవతలివాళ్లు ముడుచుకుంటారు. నాకిలా ఉంది అని చెప్పండి. ఆమె అంటుంది. 'ఏవండీ, మీ మీద చెయ్యి వేయాలన్నా నాకు భయంగా ఉంది. ఎక్కడ నొప్పి పుడుతుందో అని.' ఆయన అంటారు. 'నేనేమో ఈ కుట్లు చూసి నీకు ఎలాగో ఉందనుకున్నాను.' చూశారా? రెండే మాటలు. ఇన్ని నెలలూ అయిష్టంగా కనిపించింది భయమని తేలిపోయింది.

ఇప్పుడు ఒప్పందం. రెండు వారాలు అనుకోండి. వారంలో మూడు రోజులు, పావుగంటో ఇరవై నిమిషాలో. తలుపు వేసుకోండి. ఫోన్లు బయట పెట్టండి. మొదటి వారం చేతులు, పాదాలు, తల, భుజాలు, వీపు. ముందు ఒకరు తాకుతారు, ఇంకొకరు తీసుకుంటారు. తర్వాత వంతు మారుతుంది. తీసుకునేవాళ్లకు ఒకటే పని. ఎక్కడ హాయిగా ఉందో, ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం. బైపాస్ అయినవాళ్లకు ఛాతీకి ఎడమ పక్క తరచు మొద్దుబారి ఉంటుంది. కొందరికి బట్ట తగిలినా చురుక్కుమంటుంది. లోపలి రక్తనాళాన్ని అక్కడి నుంచి తీసి గుండెకు అమర్చడం వల్ల అలా జరుగుతుంది. చాలామందిలో నెలల మీద తగ్గుతుంది. ఇది భార్యకు తెలియకపోతే ఆయన ఉలిక్కిపడగానే గుండెకేదో అయిందనుకుంటుంది. అందుకే చెప్పడం అవసరం.

ఆ కుట్ల గీతను ఏం చేయాలి? దాన్ని చూడనట్టు నటించొద్దు. గాయం పూర్తిగా మూసుకుందని, నూనె రాయొచ్చని డాక్టరుగారు చెప్పాక, ఆయనకు ఇష్టమైతే ఆమె ఆ గీత మీద మెల్లగా కొబ్బరినూనె రాయొచ్చు. చాలా ఇళ్లలో నెలలు గడిచినా భార్య ఆ గీతను ఒక్కసారి కూడా తాకి ఉండదు. తాకాక తెలుస్తుంది, అది మానిన చర్మమే అని. ఆయనకూ తెలుస్తుంది, ఆమె చెయ్యి వెనక్కి పోలేదని.

రెండో వారం దగ్గరగా పడుకోవడం, పక్క నుంచి పొదువుకోవడం. ఇద్దరికీ నచ్చినట్టు ముద్దులు, ముచ్చట్లు. ఈ వారంలో కోరిక కలగొచ్చు. మంచిదే. అయినా ఒప్పందం ఒప్పందమే. మాట తప్పొద్దు. మాట తప్పితే ఏమవుతుంది? మళ్లీ ఆమె చెయ్యి వేయడానికి జంకుతుంది. చెయ్యి వేస్తే అది ఎక్కడికి దారితీస్తుందో అని. ఆయనకు మళ్లీ పరీక్ష భయం పట్టుకుంటుంది. మాట నిలబడితేనే స్పర్శ మీద నమ్మకం నిలబడుతుంది.

ఈ రెండు వారాల్లోనే ఇంకొక పని జరగాలి. డాక్టరుగారి దగ్గరికి వెళ్లాలి. ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఎలా అడగాలో తెలియక చాలామంది ఆగిపోతారు. ఒక్క వాక్యం చాలు. 'సార్, మేం భార్యాభర్తలుగా మామూలుగా ఉండొచ్చా?' ఏ డాక్టరుకైనా అర్థమవుతుంది. దాని వెనకే ఇంకొకటి అడగండి. 'ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా, మెట్లు ఎక్కి చూస్తే చాలా?' ఛాతీ నొప్పి లేకుండా, విపరీతమైన ఆయాసం రాకుండా ఇరవై మెట్లు చకచకా ఎక్కగలిగితే సాధారణంగా గుండె కలయికకు సిద్ధంగా ఉన్నట్టే. అనుమానముంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూస్తారు. ఒక జాగ్రత్త. మెట్ల పరీక్ష మీకు మీరే మొదలుపెట్టొద్దు. డాక్టరుగారు సరేనన్నాకే.

మన జంట వెళ్లారు. ఎముక బాగా అతుక్కుందన్నారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్నారు. ఉండొచ్చన్నారు. బయటికొచ్చాక ఆయన కన్నా ఆమెకే ఎక్కువ తేలికనిపిస్తుంది. ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ బాధ్యత తన ఒక్కదాని మీదే ఉందనుకుంది. ఇప్పుడు ఆ మాట డాక్టరుగారు చెప్పారు. భార్యను కూడా లోపలికి తీసుకెళ్లమనడం అందుకే.

ఇక చివరి అంచె. ఎప్పుడు? బాగా నిద్రపోయి లేచిన తెల్లవారుజాము మంచి సమయం. నిండుగా భోంచేసిన వెంటనే వద్దు. రెండు గంటలైనా ఆగండి. మద్యం తీసుకున్న రోజు వద్దు. మరీ ఉక్కగా ఉన్నప్పుడు వద్దు. ఎలా? ఆయన చేతుల మీద బరువు పడకూడదు. మూడు నెలలు నిండేదాకా ఈ మాట తప్పనిసరి. పక్కపక్కన పడుకుని ఉండటం తేలిక. ఆయన వెల్లకిలా పడుకుంటే ఆమె ఛాతీ మీద వాలకుండా చూసుకుంటే చాలు.

గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి వేగమవుతుంది. అది మామూలే. మెట్లు ఎక్కినప్పుడు కూడా అంతే కదా. కాసేపటికి నెమ్మదిస్తుంది. మరి ప్రమాదాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఛాతీలో నొప్పి, బిగింపు వస్తే ఆపేయాలి. పావుగంట దాటినా ఆయాసం గానీ గుండెదడ గానీ తగ్గకపోతే అది డాక్టరుకు చెప్పాల్సిన విషయం. ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా, మర్నాడంతా ఎప్పుడూ లేనంత నీరసంగా ఉన్నా చెప్పాలి. నొప్పి వచ్చి, ఆపి కూర్చున్నాక కూడా అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఈ గుర్తులు ఆమెకు తెలిసి ఉంటే ఆయన నాడి పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం ఉండదు. దేనికి భయపడాలో తెలిస్తే, మిగతా వాటికి భయపడటం మానేస్తాం.

ఇప్పుడు మందుల గురించి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఆయన వల్ల కాకపోవచ్చు. ఇది చాలామందికి జరుగుతుంది. భయం ఒక కారణం. గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్నవాళ్లకు కింది రక్తనాళాల్లో కూడా పూడిక ఉండొచ్చు. అది ఇంకో కారణం. కొన్ని గుండె మందులు కూడా కొంత తోడవుతాయి. అప్పుడు ఆయన ఏమనుకుంటారు? ఈ మాత్రల వల్లే ఇదంతా అనుకుని గుండెవేగం తగ్గించే మాత్రను చెప్పకుండా మానేస్తారు. ఇది మొదటి పొరపాటు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలను ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. గుండెపోటు కూడా రావచ్చు.

నిజానికి ఆ మాత్రల మీద నింద కొంత ఎక్కువే. 2003లో ఇటలీ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు గుంపులకు అటెనొలాల్ ఇచ్చారు. ఏ మందో చెప్పని గుంపులో నూటికి ముగ్గురికే అంగస్తంభన ఇబ్బంది వచ్చింది. మందు పేరు చెప్పి, ఇబ్బంది సంగతి చెప్పనివాళ్లలో నూటికి పదహారు మందికి వచ్చింది. అలాంటి ఇబ్బంది రావచ్చని కూడా చెప్పినవాళ్లలో ముప్పై ఒక్క మందికి వచ్చింది. మందు ఒకటే. తేడా భయానిది. నిజంగానే మందు వల్ల ఇబ్బంది ఉంటే డాక్టరుగారు మోతాదు మారుస్తారు, లేదా వేరే మందు ఇస్తారు. మీకు మీరు మానొద్దు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో వయాగ్రా లాంటి మాత్ర కొనుక్కోవడం. గుండె రోగుల జేబులో నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉంటుంది. సార్బిట్రేట్ అంటాం. ఈ రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మనిషి కుప్పకూలిపోవచ్చు. ప్రాణం పోవచ్చు. వయాగ్రా రకం మాత్ర వేసుకున్నాక 24 గంటల లోపల సార్బిట్రేట్ పెట్టుకోకూడదు. టడలాఫిల్ అనే ఇంకో రకమైతే 48 గంటలు. ఈ రకం మాత్రలు గుండె రోగులందరికీ నిషేధం కాదు. సార్బిట్రేట్ లాంటి మందుల అవసరం లేని చాలామందికి డాక్టర్లే రాసిస్తారు. కానీ రాసేది డాక్టరే కావాలి. భార్యకు తెలిసి ఉండాలి. ఎందుకంటే నొప్పి వస్తే నాలుక కింద మాత్ర పెట్టేది ఆమే. 108 వాళ్లకూ, ఆస్పత్రివాళ్లకూ ఈ మాత్ర వేసుకున్నారని చెప్పాల్సిందీ ఆమే. ఇక్కడ సిగ్గు ప్రాణం తీస్తుంది.

ఇంతవరకూ మగవాళ్ల గురించి చెప్పాను. ఆపరేషన్ భార్యకు జరిగితే? అప్పుడు ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఆమె ఛాతీ మీద గీత రొమ్ముల మధ్య నుంచే వెళ్తుంది. రొమ్ముల బరువుకు కుట్ల దగ్గర లాగుతుంది. మెత్తని, ముందువైపు హుక్కులుండే లోదుస్తులు వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే ఆ కాలు సాయంత్రానికి వాస్తుంది. ఈ నొప్పుల మధ్య ఆమె వంటింట్లోకి కూడా వెళ్తూ ఉంటుంది. భర్త అడిగితే కాదనలేక ఊరుకోవడం కూడా మన ఇళ్లలో ఉంది. కాబట్టి భర్తలకు ఒక మాట. ఎనిమిది వారాలు నిండాయి కదా అని మీరు ముందడుగు వేయొద్దు. అదే ఒప్పందం, అదే అంచెలు. ఆమె 'ఊఁ' అంటేనే తర్వాతి అంచె. నలభై దాటినవాళ్లకు తడి ఆరిపోయే ఇబ్బంది ఉంటే, దానికి మందుల షాపుల్లో నీటితో చేసిన జెల్లీలు దొరుకుతాయి. వాటి గురించి లేడీ డాక్టరును అడగడానికి వెనకాడొద్దు.

ఈ పద్ధతి ఎక్కడ పని చేయదో కూడా చెప్పాలి. కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తున్నా, నాలుగడుగులకే ఆయాసం వస్తున్నా, బీపీ అదుపులో లేకపోయినా ఆగాలి. కదిలినప్పుడు ఛాతీ ఎముకలో టక్‌మని చప్పుడైతే, కుట్ల దగ్గర చీము కారుతుంటే, జ్వరం వస్తుంటే వెంటనే సర్జన్‌కు చూపించాలి. ఇంకొకటి. బైపాస్ తర్వాత దిగులు పట్టుకోవడం చాలామందిలో ఉంటుంది. రెండు వారాలకు మించి నిద్ర సరిగ్గా లేకపోతే, తిండి మీద, మనుషుల మీద, కొట్టు మీద దేని మీదా ఆసక్తి లేకపోతే అది వేరే జబ్బు. దానికి వేరే వైద్యం ఉంది. స్పర్శ ఒక్కటే దాన్ని తగ్గించదు. ఇక ఆపరేషన్‌కు చాలా ఏళ్ల ముందు నుంచే ఇద్దరి మధ్య మాటల్లేకపోతే, ఈ దూరాన్ని గుండె మీద తోసేయొద్దు. దానికి కౌన్సెలింగ్ అవసరం.

కొందరు దంపతులు స్పర్శ దగ్గరే ఆగిపోతారు. ఇద్దరికీ అదే చాలనిపిస్తుంది. అందులో లోటేమీ లేదు. ఇద్దరూ కలిసి అనుకున్నదైతే అదీ దగ్గరితనమే. ఒకరు అనుకుని ఇంకొకరు మింగుకుంటే మాత్రం కాదు.

చెప్పిన మాటలు మరొక్కసారి. ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు చాలావరకు ఎముక కోసం. ఇరవై మెట్లు హాయిగా ఎక్కగల గుండెకు కలయిక సాధారణంగా మోయలేని బరువు కాదు. ముందు ఒకే గది, తర్వాత మాట, తర్వాత స్పర్శ, డాక్టరుగారు సరేనన్నాక కలయిక. ఒప్పుకున్న మాట తప్పొద్దు. మందులు మీకు మీరు మానొద్దు, మీకు మీరు కొనొద్దు.

వింటున్నవాళ్లలో ఎవరికైనా రాబోయే వారాల్లో గుండె ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్లాల్సి ఉంటే ఒక పని చేయండి. ఒక్కరే వెళ్లకండి. కొడుకునో అల్లుణ్నో కాకుండా భార్యాభర్తలిద్దరే లోపలికి వెళ్లండి. కాగితాలు చూడటం అయిపోయి, డాక్టరుగారు 'ఇంకేమైనా ఉందా' అన్నప్పుడు లేవకండి. ఇద్దరిలో ఎవరికి ధైర్యముంటే వాళ్లు ఆ వాక్యం అడగండి. 'సార్, మేం భార్యాభర్తలుగా మామూలుగా ఉండొచ్చా?'